ఎం1 సప్లీ రాసే ముందు: పోయిన పేపర్‌ను విప్పి చూసి ప్లాన్ మళ్లీ వేసుకోవడం ఎలా?

తిరుపతి చుట్టుపక్కల ఇంజినీరింగ్ పిల్లలకు చాలా ఏళ్లుగా మ్యాథ్స్ చెబుతున్నాను. రిజల్ట్ వచ్చిన వారంలో ప్రతిసారీ అదే ప్రశ్న వస్తుంది. "సార్, ఎం1 ఉండిపోయింది. మళ్లీ ఎక్కడ నుంచి మొదలుపెట్టాలి?"

నేను చెప్పేది ఒక్కటే. మొదటి యూనిట్ మొదటి పేజీ నుంచి కాదు, పోయిన పేపర్ నుంచి మొదలుపెట్టండి. మార్కులు ఎక్కడ పోయాయో తేలకుండా పుస్తకం తెరిస్తే, వచ్చిన లెక్కలే మళ్లీ చేసుకుంటూ కూర్చుంటాం. పోయిన చోట మళ్లీ పోతాయి.

ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నది జేఎన్టీయూ అనంతపురం ఆర్23 రెగ్యులేషన్‌లో మొదటి సెమిస్టర్ పేపర్, లీనియర్ ఆల్జీబ్రా అండ్ కాలిక్యులస్. మీది అటానమస్ కాలేజీ అయితే పేపర్ తీరు, పాస్ మార్కులు మీ కాలేజీ రెగ్యులేషన్ బుక్‌లో చూసుకుని అంకెలు మార్చుకోండి. పద్ధతి అదే.

పాకాల నుంచి రోజూ బస్సులో తిరుపతి కాలేజీకి వచ్చే ఒక అబ్బాయి పేపర్‌ను మొదటి నుంచి చివరి దాకా చూపిస్తాను. నా దగ్గరకు వచ్చినప్పుడు అతను అన్న మాట, "ఇంటిగ్రేషన్ రాదు సార్, అందుకే పోయింది." పేపర్ విప్పి చూస్తే తేలింది వేరు.

## 1. కావాల్సిన మార్కు ముందు తేల్చుకోండి

ఎక్స్‌టర్నల్ 70కి, ఇంటర్నల్ 30కి ఉంటుంది. పాస్ కావాలంటే రెండు షరతులూ తీరాలి. ఎక్స్‌టర్నల్‌లో 35 శాతం, అంటే 25 మార్కులు రావాలి. రెండూ కలిపి 100కి 40 రావాలి.

సప్లీ రాసేటప్పుడు ఇంటర్నల్ మార్కులు పాతవే ఉంటాయి. కాబట్టి మీకు కావాల్సిన ఎక్స్‌టర్నల్ మార్కు మీ ఇంటర్నల్ మీద ఆధారపడుతుంది.

మా అబ్బాయికి ఇంటర్నల్ 17, ఎక్స్‌టర్నల్ 19. అతనికి 25 వస్తే చాలు, మొత్తం 42 అవుతుంది. అదే ఇంటర్నల్ 11 ఉన్నవాళ్లకు 25 వచ్చినా మొత్తం 36 దగ్గరే ఆగుతుంది. వాళ్లకు 29 కావాలి. ఈ లెక్క వేసుకోక, "25 దాటింది కదా" అని ధీమాగా ఉండి రెండోసారి పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను.

తేలిన మార్కుకు పైన కనీసం 12 కలిపి లక్ష్యం పెట్టుకోండి. మనం ఇంత వస్తుంది అనుకున్నదానికీ దిద్దేవాళ్లు వేసేదానికీ తేడా ఉంటుంది. మా అబ్బాయి లక్ష్యం 38 అని రాసుకున్నాడు.

## 2. ఫీజు తేదీ, రీవాల్యుయేషన్: రెండూ వేర్వేరు పనులు

రీవాల్యుయేషన్‌కు కట్టి, ఆ రిజల్ట్ వచ్చాక చూద్దాంలే అని సప్లీ ఫీజు ఆపకండి. రెండు నోటిఫికేషన్లూ వేరుగా నడుస్తాయి. ఒకదాని కోసం ఆగితే రెండోదాని గడువు దాటిపోవచ్చు.

- రీవాల్యుయేషన్, రీకౌంటింగ్ గడువు ఎప్పుడో నోట్ చేసుకున్నారా?
- సప్లీ ఫీజు గడువు విడిగా నోట్ చేసుకున్నారా?
- అప్లికేషన్‌లో రెగ్యులేషన్, సబ్జెక్టు కోడ్ మీవేనా?
- జవాబు పత్రం జిరాక్స్ ఇచ్చే వీలుందా అని ఎగ్జామ్ సెక్షన్‌లో అడిగారా?

చివరిది మాత్రం తప్పకుండా అడగండి. మా అబ్బాయి కాలేజీలో ఫీజు కడితే ఇస్తారు. ఆ జిరాక్స్ లేకపోతే కింద చెప్పే పని సగం గుర్తు మీద, సగం అంచనా మీద చేయాలి. అలా చేసినా పనికొస్తుంది కానీ పని కాస్త ఎక్కువ.

## 3. పోయిన పేపర్‌ను పట్టికగా రాయండి

ప్రశ్నపత్రం ముందు పెట్టుకోండి. పార్ట్ ఎలో పది చిన్న ప్రశ్నలు, ఒక్కోటి 2 మార్కులు, యూనిట్‌కు రెండు చొప్పున వస్తాయి. పార్ట్ బిలో యూనిట్‌కు ఒకటి చొప్పున ఐదు ప్రశ్నలు, ఒక్కోటి 10 మార్కులు. ప్రతిదానిలో 'ఇది గానీ అది గానీ' అని రెండు ఇస్తారు.

ఒక్కో ప్రశ్నకు ఒక వరుస పెట్టి నాలుగు సంగతులు రాయండి: ఎన్ని మార్కులు వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎంత సేపు పట్టింది, ఎందుకు పోయాయి. ఆ 'ఎందుకు' దగ్గర కథ రాయొద్దు. ఈ నాలుగు గుర్తుల్లో ఒకటే పెట్టండి.

- తె: అసలు తెలియదు
- మ: చదివాను, హాల్లో గుర్తు రాలేదు
- లె: పద్ధతి తెలుసు, లెక్క తప్పింది
- టై: టైం చాలలేదు

మా అబ్బాయి పేపర్ ఇలా తేలింది. పార్ట్ ఎలో ఐదు రాసి 6 మార్కులు తెచ్చుకున్నాడు, ఐదు ఖాళీగా వదిలేశాడు. పార్ట్ బిలో మొదటి యూనిట్‌కు 4, రెండోదానికి 3, మూడోదానికి 2, నాలుగోదానికి 4, ఐదోదానికి 0. మొత్తం 19.

పోయినవి 51. వాటిని గుర్తుల వారీగా కూడాం. లె కింద 19, టై కింద 16, తె కింద 12, మ కింద 4. అంటే తెలియక పోయినవి 51లో 12 మాత్రమే. ఇంటిగ్రేషన్ రాదని అతననుకున్న ఐదో యూనిట్‌లో ఒక్క అక్షరం కూడా రాయలేదు, అక్కడిదాకా చేరనే లేదు. అందుకే అది 'తె' కాదు, 'టై'.

ఈ పట్టిక రాయడానికి ఒక సాయంత్రం పడుతుంది. దయచేసి దీన్ని దాటేయకండి.

## 4. ప్రతి 'లె' వెనక ఉన్న అసలు తప్పును పట్టుకోండి

'లెక్క తప్పింది' అని రాసి ఊరుకుంటే లాభం లేదు. ఏ లైన్లో తప్పింది, దాన్ని హాల్లోనే పట్టుకునే దారి ఏమిటి అన్నవి తేలాలి. మా అబ్బాయికి మూడు చోట్ల దొరికింది.

రెండో యూనిట్, ఆర్తోగొనల్ ట్రాన్స్‌ఫర్మేషన్. ఈ మాత్రిక ఉన్న క్వాడ్రాటిక్ ఫారాన్ని కెనానికల్ ఫారానికి తేవాలి.

```
     8  -6   2
A = -6   7  -4
     2  -4   3
```

క్యారెక్టరిస్టిక్ సమీకరణానికి మూడు అంకెలు కావాలి. డయాగొనల్ మొత్తం 18. డిటర్మినెంట్ 0. మధ్యలోది డయాగొనల్ మైనర్ల మొత్తం: 20 + 20 + 5 = 45. ఆ చివరి 5 వచ్చేది 7×3 − (−4)(−4), అంటే 21 − 16 నుంచి.

అతను అక్కడ 21 + 16 చేసి 37 వేశాడు. మొత్తం 77 అయింది. ఇప్పుడు చూడండి ఏమైందో.

```
సరైనది:   λ³ − 18λ² + 45λ = 0   →  λ = 0, 3, 15
రాసినది:  λ³ − 18λ² + 77λ = 0   →  λ = 0, 7, 11
```

తప్పు సమీకరణానికి కూడా చక్కని పూర్ణ సంఖ్యలే వచ్చాయి, కాబట్టి అనుమానమే రాలేదు. క్లాసులో చెప్పే రెండు చెక్‌లూ ఇక్కడ పట్టుకోలేవు. మూలాల మొత్తం 18 కావాలి, 0 + 7 + 11 కూడా పద్దెనిమిదే. లబ్ధం 0 కావాలి, అదీ సరిపోయింది.

తర్వాత λ = 7 పెట్టి ఐగెన్ వెక్టర్ కోసం మూడు సమీకరణాలు సాధిస్తే x = y = z = 0 తప్ప ఏమీ రాలేదు. సాధించడంలో తప్పు చేశానేమో అని మళ్లీ చేశాడు, మళ్లీ చేశాడు. జిరాక్స్‌లో ఆ పేజీ నిండా కొట్టివేతలే. ఈ ఒక్క లెక్క మీద ముప్పావు గంట పోయింది. ఐదో యూనిట్‌కు టైం లేకుండా చేసింది ఇదే.

ఇక్కడ గుర్తు పెట్టుకోవాల్సినవి రెండు. మొదటిది, λ పెట్టి సాధిస్తే సున్నాలు తప్ప ఏమీ రాకపోతే ఒకసారి సరిచూసుకోండి. మళ్లీ అదే వస్తే తప్పు సాధించడంలో లేదు, ఆ λ తప్పు. వెంటనే వెనక్కి వెళ్లి మైనర్లు చూసుకోవాలి.

రెండోది, సిమెట్రిక్ మాత్రిక అయితే వెక్టర్ల దాకా పోకుండానే ఒక చెక్ ఉంది. మూలాల వర్గాల మొత్తం, మాత్రికలోని అన్ని అంకెల వర్గాల మొత్తానికి సమానం కావాలి. ఇక్కడ అంకెల వర్గాలు కూడితే 64 + 49 + 9, దానికి 36, 4, 16 రెండేసి సార్లు కలిపి 234. మూలాలు 0, 3, 15 అయితే 0 + 9 + 225 = 234, సరిపోయింది. 0, 7, 11 అయితే 170 వస్తుంది, తప్పు అక్కడే బయటపడుతుంది. ఈ చెక్‌కు ఒక్క నిమిషం చాలు.

సరైన వెక్టర్లు వరుసగా (1, 2, 2), (2, 1, −2), (2, −2, 1). రెండు రెండుగా తీసుకుని డాట్ ప్రోడక్ట్ చేస్తే మూడుసార్లూ సున్నా రావాలి. కెనానికల్ ఫారం 3y₂² + 15y₃². ర్యాంక్ 2, ఇండెక్స్ 2, సిగ్నేచర్ 2, స్వభావం పాజిటివ్ సెమీ డెఫినిట్. ఈ చివరి లైన్ అడిగినా రాయకుండా వదిలేసేవాళ్లు చాలామంది.

మొదటి యూనిట్, λ, μ ప్రశ్న. x + y + z = 6, x + 2y + 3z = 10, x + 2y + λz = μ. మూడో వరుస నుంచి మొదటి వరుస తీసేటప్పుడు కుడివైపున 6 తీయడం మరిచాడు. చివర μ − 10 రావాల్సిన చోట μ − 4 వచ్చింది. దీనికి చెక్ కంటితోనే అయిపోతుంది. λ = 3 పెడితే రెండో, మూడో సమీకరణాల ఎడమవైపు ఒకటే. అలాంటప్పుడు అనంత సాధనలు రావాలంటే μ 10 కాక ఇంకేమీ కాకూడదు.

నాలుగో యూనిట్, మాక్సిమా మినిమా. f = x³ + y³ − 3xy. పార్షియల్ డెరివేటివ్‌లు సున్నా చేస్తే y = x², x⁴ = x వస్తాయి. అతను రెండువైపులా x కొట్టేశాడు. దాంతో (1, 1) మిగిలి (0, 0) పోయింది. సగం జవాబుకు సగం మార్కులు కూడా రాలేదు. x(x³ − 1) = 0 అని రాసి ఉంటే రెండూ దొరికేవి. (1, 1) దగ్గర rt − s² = 27, r = 6, కనుక కనిష్ఠం, విలువ −1. (0, 0) దగ్గర rt − s² = −9, అది శాడిల్ పాయింట్.

మూడు తప్పులనూ, వాటి మూడు చెక్‌లనూ ఒక అట్టముక్క మీద రాసి జేబులో పెట్టుకోమన్నాను. పాకాల బస్సులో గంటకు పైగా ప్రయాణం. లెక్కలు చేయడం కుదరదు కానీ ఆ అట్టముక్క చూసుకోవడం కుదురుతుంది.

## 5. ఏ యూనిట్‌కు ఎంత టైం ఇవ్వాలో పట్టికే చెప్పాలి

ముందుగా ఒక అపోహ పోవాలి. "ఐదో యూనిట్ వదిలేసి రెండో యూనిట్‌లో రెండు ప్రశ్నలూ రాస్తాను సార్" అంటారు. కుదరదు. 'ఇది గానీ అది గానీ' ఒకే యూనిట్ లోపలే. రెండూ రాసినా ఒకదానికే మార్కులు. యూనిట్ వదిలితే ఆ 10 పోయినట్టే.

మా అబ్బాయికి ఇలా పంచాం. లెక్క తప్పులున్న 1, 2, 4 యూనిట్లకు సగం టైం. కొత్తగా చదవడానికి కాదు, తప్పు లేకుండా చివరి దాకా రాయడం అలవాటు కావడానికి. ఒక్కో యూనిట్‌లో రెండు రకాల లెక్కలు ఎంచుకుని, ఒక్కో రకానికి ఆరు చేయాలి.

మూడో యూనిట్ నిజంగానే 'తె'. అక్కడ రోల్, లాగ్రాంజ్ సిద్ధాంతాల వెరిఫికేషన్, మెక్లారిన్ విస్తరణ, ఈ రెండే తీసుకున్నాం. వెరిఫికేషన్‌లో స్టేట్‌మెంట్ రాసి వదిలేస్తే వచ్చేది రెండు మార్కులే. కంటిన్యూటీ, డిఫరెన్షియబిలిటీ షరతులు మన ఫంక్షన్‌కు సరిపోతున్నాయని ఒక్కో లైన్ రాసి, c విలువ కట్టి, అది ఇంటర్వల్ లోపల ఉందని తేల్చాలి.

ఐదో యూనిట్‌లో చేంజ్ ఆఫ్ ఆర్డర్ ఒక్కటి. కూర్చోబెట్టి చేయిస్తే ఇంటిగ్రేషన్ బాగానే వచ్చింది, లిమిట్లు మార్చడమే రాలేదు. బొమ్మ గీయకుండా లిమిట్లు తిప్పేస్తున్నాడు. బొమ్మ గీసి, నిలువు పట్టీని అడ్డ పట్టీ చేసి, ఆ పట్టీ ఎడమ చివర ఎక్కడ, కుడి చివర ఎక్కడ అని వేలితో చూపించమన్నాను. మూడో రోజుకు పట్టేశాడు.

## 6. ఐదు వారాల ప్లాన్

నడుస్తున్న సెమిస్టర్ క్లాసులు ఉంటాయి కాబట్టి రోజుకు గంటన్నర, ఆదివారం మూడు గంటలు. అంతకన్నా ఎక్కువ రాసుకుంటే నాలుగో రోజుకు ప్లాన్ చెడుతుంది. దీన్ని కాపాడబోయి ఈ సెమిస్టర్ సబ్జెక్టు పోగొట్టుకోకూడదు.

- మొదటి వారం: పట్టిక, అట్టముక్క, రెండో యూనిట్
- రెండో వారం: ఒకటి, నాలుగు యూనిట్లు
- మూడో వారం: మూడో యూనిట్, ఆదివారం గంటన్నర సగం పేపర్
- నాలుగో వారం: ఐదో యూనిట్, యూనిట్‌కు ఆరు చొప్పున పార్ట్ ఎ ప్రశ్నలు
- ఐదో వారం: రెండు పూర్తి పేపర్లు, మధ్యలో తప్పుల సవరణ

పార్ట్ ఎ ప్రశ్నలను వెనక్కి నెట్టేయకండి. మా అబ్బాయి ఖాళీగా వదిలిన ఐదింటిలో మూడు తెలిసినవే, చివర్లో రాద్దామని ఆపి ఆరు మార్కులు పోగొట్టుకున్నాడు. అతను తప్పింది కూడా సరిగ్గా ఆరు మార్కులతోనే.

## 7. పూర్తి పేపర్‌ను హాల్లో రాసినట్టే రాయండి

మూడు గంటలు ఒకే కూర్చోవడం. ఫోన్ వేరే గదిలో. పాత సప్లీ పేపర్ ఒకటి తీసుకుని, ముందే చూడకుండా రాయాలి.

టైం ఇలా విడగొట్టాం: పార్ట్ ఎ 35 నిమిషాలు, పార్ట్ బి ఒక్కో ప్రశ్నకు 25 చొప్పున 125, మిగిలిన 20 చెక్‌లకు. 25 నిమిషాలు అయ్యాక లెక్క తేలకపోతే అర పేజీ ఖాళీ వదిలి తర్వాతి యూనిట్‌కు వెళ్లిపోవాలి. మొదటి పేపర్‌లో ఈ నియమం పాటించడం మా అబ్బాయికి చాలా కష్టమైంది, రెండుసార్లు 35 దాటాడు. రెండో పేపర్‌కు అలవాటైంది.

రాశాక అదే నాలుగు గుర్తులతో మళ్లీ పట్టిక వేయండి. పాత పట్టిక పక్కన పెట్టి చూడండి.

- 'లె' తగ్గలేదా? కొత్త లెక్కలు ఆపి, తప్పిన రకాన్నే మూడు రోజులు చేయండి.
- 'టై' తగ్గలేదా? ఒక్కో లెక్కను గడియారం పెట్టుకుని 25 నిమిషాల్లో రాయండి.
- 'మ' పెరిగిందా? చూసి చదువుతున్నారన్నమాట. పుస్తకం మూసి మొదటి మూడు లైన్లు రాయడం ప్రాక్టీస్ చేయండి.
- 'తె' అలాగే ఉందా? ఆ యూనిట్‌లో ఇంకో రకం జోలికి వెళ్లకుండా, ఎంచుకున్న రకాన్నే ఎవరి చేతైనా చెప్పించుకోండి.

## 8. ఎక్కువగా జరిగే పొరపాట్లు

సాల్వ్ చేసిన లెక్కలు చదవడం మొదటిది. చదువుతుంటే అన్నీ వచ్చినట్టే ఉంటాయి. 21 − 16 దగ్గర చెయ్యి తప్పుతుందని చదివితే తెలియదు, రాస్తేనే తెలుస్తుంది.

రెండోది, జూనియర్ల నోట్స్ తెచ్చుకోవడం. రెగ్యులేషన్ మారితే యూనిట్లు అటూ ఇటూ అవుతాయి. ముందు మీ సిలబస్ కాపీతో పోల్చుకోండి.

మూడోది, తప్పిన లెక్కను మొత్తం అడ్డంగా కొట్టేయడం. పద్ధతి సరిగా ఉంటే తప్పు అంకెతో కూడా స్టెప్ మార్కులు వచ్చే వీలుంది. టైం ఉంటే సరైనది రాసి అప్పుడు పాతది కొట్టేయండి, లేకపోతే అలాగే ఉంచండి.

## 9. పరీక్ష రోజు, ఆ సాయంత్రం

హాల్లో ముందు పార్ట్ ఎ పూర్తి చేసి, పార్ట్ బిలో మీకు బాగా వచ్చిన యూనిట్‌తో మొదలుపెట్టండి. ప్రశ్న నంబర్లు స్పష్టంగా వేస్తే వరుస మారినా ఇబ్బంది లేదు. రఫ్ పని కుడివైపు మార్జిన్ గీసి అక్కడే చేయండి, చెక్ చేసుకునేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

ఇంటికి వచ్చాక నిద్రపోయేలోపు పట్టిక మరోసారి రాయండి. రిజల్ట్ వచ్చేసరికి ఏ లైన్లో ఏం రాశామో గుర్తుండదు. మా అబ్బాయి ఆ సాయంత్రం పాకాల బస్సులోనే ప్రశ్నపత్రం మీద పెన్సిల్‌తో మార్కులు వేసుకున్నాడు. రెండో యూనిట్ దగ్గర "వర్గాల మొత్తం సరిపోయింది" అని రాసి ఉంది, ఐదో యూనిట్ దగ్గర "బొమ్మ వేశాను, లిమిట్లు కరెక్ట్, చివరి ఇంటిగ్రల్ సగం" అని. కూడితే 44 వచ్చింది. రిజల్ట్‌లో 41 వేశారు.